ఒక్క చిన్న అబద్ధాన్ని పట్టుకుని అష్టాంగ మార్గాన్ని సాధన చేయడం ఎలా

బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గం గురించి చదివినవాళ్లలో చాలామంది దాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనలా ఊహించుకుంటారు. ముందు సమ్యక్ దృష్టి కుదరాలి, అది కుదిరాక సంకల్పం, ఆ తర్వాత వాక్కు, అలా పైకి పోగా పోగా చివరి మెట్టు మీద సమాధి. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నెలకొక అంగం చొప్పున ఎనిమిది నెలలకు పట్టిక వేసుకున్నాను. అది మూడో నెలలోనే ఆగిపోయింది. వాక్కు దగ్గరికి వచ్చేసరికి, నోటిని పట్టుకోవాలంటే స్మృతి, అంటే ఎరుక, కావాలని అర్థమైంది. నా పట్టికలో స్మృతి ఇంకా నాలుగు నెలల దూరంలో ఉంది.

ఈ చిక్కు, పాళీలో ఉన్న బుద్ధుడి బోధల సంకలనం మజ్ఝిమ నికాయంలోని 117వ సుత్తం, అంటే 117వ బోధ, చదివాక విడిపోయింది. దాని పేరు మహాచత్తారీసక సుత్తం. సావత్థిలోని జేతవనంలో బుద్ధుడు భిక్షువులకు చెప్పిన బోధ అది. అందులో ఒక మాట పదే పదే వస్తుంది. దృష్టి, వ్యాయామం, స్మృతి అనే మూడూ మొదటి అయిదు అంగాల్లో ఒక్కోదాని చుట్టూ పరిగెడుతూ, చుట్టి తిరుగుతూ ఉంటాయట. వాక్కునే తీసుకోండి. తప్పుడు మాటను తప్పుడు మాటగా, మంచి మాటను మంచి మాటగా ఎరగడం సమ్యక్ దృష్టి. ఆ తప్పుడు మాటను వదిలి మంచి మాటకు రావడానికి పడే ప్రయాస సమ్యక్ వ్యాయామం. ఎరుకతో వదలడం, ఎరుకతో పట్టుకోవడం సమ్యక్ స్మృతి. అంటే ఒక్క మాట సరిగ్గా రావాలన్నా కనీసం నాలుగు అంగాలు ఒకేసారి కదలాలి.

అందుకే ఇక్కడ ఎనిమిదింటినీ వరసగా వివరించబోవడం లేదు. మీ రోజులో ఒక్క చిన్న చోటు ఎంచుకుని, అక్కడే ఎనిమిదీ కలిసి పనిచేసేలా ఎలా చూసుకోవాలో చెబుతాను. పేర్లు ఒకసారి గుర్తు చేసుకుందాం: దృష్టి, సంకల్పం, వాక్కు, కర్మ, ఆజీవం, వ్యాయామం, స్మృతి, సమాధి. ఆజీవం అంటే బతుకుతెరువు. వ్యాయామం అంటే ఇక్కడ కసరత్తు కాదు, ప్రయత్నం.

ముందు ఒక్క వాక్యం ఎంచుకోండి

మొదలుపెట్టడానికి వాక్కును మించిన చోటు లేదని నా నమ్మకం. ఆలోచన వచ్చి పోతే అది వచ్చిందో లేదో మనకే సందేహం. మాట అలా కాదు, బయటికి వచ్చిందంటే వచ్చినట్టే. పైగా రోజుకు ఎన్నోసార్లు మాట్లాడతాం కాబట్టి సాధనకు అవకాశం ఎప్పుడూ చేతికందే ఉంటుంది.

తప్పుడు వాక్కు నాలుగు రకాలని సుత్తాలు చెబుతాయి: అబద్ధం, చాడీ, పరుషమైన మాట, పనికిమాలిన కబుర్లు. వీటిలో ఒకటి తీసుకోండి. ‘ఇకమీదట అబద్ధమాడను’ అనే పెద్ద ప్రతిజ్ఞ మాత్రం వద్దు. అంత పెద్దదాన్ని పట్టుకుంటే ఏదీ చేతికి దొరకదు. మీరు తరచుగా అనే ఒకే ఒక్క వాక్యాన్ని, మీ నోట్లో ఎలా వస్తుందో అలాగే కాగితం మీద రాసుకోండి. ఇంకా ఇల్లు దాటకుండానే ఫోన్‌లో చెప్పే ‘దారిలో ఉన్నా’ కావచ్చు. చదవకుండానే చెప్పే ‘చూశానండీ, బాగుంది’ కావచ్చు.

నా వాక్యం ‘దాదాపు అయిపోయిందండీ’. నేను చిన్న చిన్న వ్యాపారాలవాళ్లకు లెక్కలు రాసిపెడతాను. మీ పని ఎంతవరకు వచ్చిందని ఎవరు ఫోన్ చేసినా, వాళ్ల కాగితాల కట్ట విప్పకపోయినా సరే, ఆ వాక్యం దానంతట అదే వచ్చేసేది. అందులో ‘దాదాపు’ అనే మాట నాకు చాలా పనికొచ్చేది. అది ఉంది కాబట్టి నేను అబద్ధం ఆడలేదని నాకు నేను చెప్పుకోగలిగేదాన్ని.

ఆ వాక్యం దేనితో తయారైందో చూడండి

దృష్టి పని ఇక్కడ మొదలవుతుంది. దృష్టి అనగానే ఏదో తుది సత్యం తెలిసి ఉండాలని అనుకోనక్కర్లేదు. ఇది తప్పు, దీనికి ఫలితం ఉంటుంది, ఆ ఫలితం నాదే అని ఒప్పుకునేంత దృష్టి ఉంటే మొదలుపెట్టడానికి చాలు. మార్గంలో దృష్టిని ముందు చెప్పడానికి కారణం ఇదే. దారి చివరిదాకా కనిపించకపోయినా, ఎటు తిరగాలో తెలియకుండా అడుగు వేయలేం కదా.

రాసుకున్న వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని రెండు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది, ఇది ఎవరికోసం? మనిషి తెలిసి అబద్ధమాడేది తనకోసమో, ఇంకొకరికోసమో, ఏదో కాస్త లాభం కోసమో అని సుత్తాలు మూడు కారణాలు చెబుతాయి. మీ వాక్యం ఈ మూడింటిలో దేని కిందికి వస్తుందో చూడండి. రెండోది, ఆ క్షణంలో నాకేం కావాలి? దీనికి జవాబు వెంటనే రాదు. నాకు వచ్చిన జవాబు ఇది: ఫోన్‌లో అవతలి మనిషి గొంతు మారకూడదు. నిట్టూర్పు వినబడకూడదు. ఆ రెండు నిమిషాలు ఇబ్బంది లేకుండా గడిచిపోవాలి. అంతే.

నాలుగు ఆర్య సత్యాలు పుస్తకంలోంచి దిగి మన పక్కన కూర్చునేది ఇలాంటి చోటే. ఇబ్బంది తప్పించుకోవాలన్న ఆ చిన్న తహతహే తృష్ణ. దాన్ని తీర్చుకున్నాక మిగిలేది దుఃఖం. నా విషయంలో ఆ దుఃఖం నా ఒక్కదానితో ఆగలేదు. ‘దాదాపు అయిపోయింది’ అన్న నా మాట నమ్మి ఒక పెద్దాయన, అప్పు కాగితాలకు లెక్కలు జతచేస్తానని అవతలివాళ్లకు తేదీ చెప్పేశారు. ఆ తేదీకి నా దగ్గర సగం కూడా లేదు. ఆయన కోప్పడలేదు. ‘ముందే చెప్పి ఉంటే ఇంకో వారం అడిగేవాణ్ని కదమ్మా’ అన్నారు. అప్పటికి ఎన్నో ఏళ్లుగా ఆ వాక్యం అంటున్నా, దాన్ని అబద్ధంగా నేను చూసింది మాత్రం ఆ రోజే.

రాహులుడికి ఇచ్చిన అద్దాన్ని వాడండి

ఇక స్మృతి. దీనికి నాకు తెలిసినంతలో అన్నింటికన్నా ఆచరణకు దగ్గరగా ఉన్న బోధ, బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చేసినది. అది మజ్ఝిమ నికాయంలో 61వ సుత్తం. కాళ్లు కడుక్కున్నాక పాత్రలో మిగిలిన కాసిని నీళ్లు చూపించి, తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడని వాళ్లలో శ్రమణత్వం, అంటే భిక్షువుకు ఉండాల్సిన గుణం, అంతే ఉంటుందంటాడు. ఆ నీళ్లు పారబోసి, పాత్రను బోర్లించి, మళ్లీ వెల్లకిలా తిప్పి, ఒక్కో స్థితినీ అలాంటి మనిషితో పోలుస్తాడు. నవ్వులాటకైనా అబద్ధమాడకూడదని నేర్చుకోమంటాడు. తర్వాత, అద్దం ఎందుకు ఉంటుందని అడుగుతాడు. చూసుకోవడానికి అంటాడు రాహులుడు. అలాగే చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోవాలి, చేత అయినా, మాట అయినా, ఆలోచన అయినా అంటాడు బుద్ధుడు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు బైరాట్ శాసనంలో భిక్షువులూ భిక్షుణులూ గృహస్థులూ తరచుగా వినాలని కొన్ని బోధల పేర్లు చెక్కించాడు. వాటిలో, అబద్ధం గురించి రాహులుడికి చేసిన బోధ ఒకటి.

సుత్తంలో వరస ముందు, మధ్య, తర్వాత అని ఉంటుంది. మన అనుభవంలో అది తిరగబడుతుంది. మొదటి రోజుల్లో ఎరుక వచ్చేది అంతా అయిపోయాకే. ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకో, రాత్రి పడుకోబోయేటప్పుడో ‘అయ్యో, మళ్లీ అన్నాను’ అని తడుతుంది. సాధన కుదరలేదని చాలామంది వదిలేసేది ఇక్కడే. నిజానికి స్మృతి మొదట దొరికే చోటే అది. వదలకుండా ఉంటే కొన్నాళ్లకు వాక్యం సగంలో ఉండగా తెలుస్తుంది. ఆ తర్వాత ఎప్పటికో నోరు తెరవకముందే తెలుస్తుంది. పదకొండు గంటలప్పటి తప్పు రాత్రి తొమ్మిదికి తెలిసేది, ఇప్పుడు పదకొండుంబావుకే తెలుస్తోందంటే మీరు ముందుకు వచ్చినట్టే. ఈ దూరం తగ్గుతోందో లేదో మాత్రమే గమనించండి. వాక్యం ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టకండి.

అయిపోయాక తెలిస్తే ఏం చేయాలో కూడా ఆ సుత్తమే చెబుతుంది. మాటతోనో చేతతోనో తప్పు జరిగితే గురువుకో వివేకం ఉన్న తోటివాళ్లకో విప్పి చెప్పి, ఇకముందు నిగ్రహించుకోవాలి. మనకు ఇది రెండు పనులు. ఎవరికి అబద్ధం చెప్పామో వాళ్లకు వీలైనంత త్వరగా సరిదిద్ది చెప్పడం ఒకటి. నమ్మకమైన ఒక మనిషికి జరిగింది జరిగినట్టు చెప్పడం రెండోది. సరిదిద్దేటప్పుడు కథ చెప్పకండి. ‘ఇందాక దాదాపు అయిపోయిందన్నాను. అది నిజం కాదండీ. ఇంకా మొదలుపెట్టలేదు. గురువారానికి ఇస్తాను’ అంటే చాలు. మొదటిసారి అలా తిరిగి ఫోన్ చేయడానికి నాకు గంటన్నర పట్టింది. నంబరు తెరిచి పెట్టుకుని, రెండుసార్లు మంచినీళ్లు తాగి వచ్చాను. ఆ గంటన్నర ఎంత కష్టంగా గడిచిందంటే, తర్వాతిసారి ‘దాదాపు’ నాలుక చివరికి వచ్చినప్పుడు అదే గుర్తొచ్చి ఆగాను.

ప్రయత్నం ఎక్కడ పెట్టాలి

సమ్యక్ వ్యాయామం నాలుగు రకాలు. ఇంకా రాని చెడును రానీయకపోవడం, వచ్చిన చెడును వదలడం, ఇంకా లేని మంచిని తెచ్చుకోవడం, వచ్చిన మంచిని నిలబెట్టుకోవడం. మన బలమంతా రెండోదాని మీదే ఖర్చు చేస్తాం. అబద్ధం నోటిదాకా వచ్చాక పళ్లు బిగించి ఆపాలని చూస్తాం. నాలుగింటిలో కష్టమైనది అదే. మొదటిదానికీ మూడోదానికీ అందులో పదోవంతు శ్రమ చాలు.

మొదటిదానికి, ఆ వాక్యం వచ్చే సందర్భాన్ని ముందుగా గుర్తుపెట్టుకోండి. నాకది ఫోన్ మోగడం. మోగగానే ఎత్తకుండా ఒక్క ఊపిరి తీసుకుని, ఎవరు చేస్తున్నారో చూసి, వాళ్ల కట్ట ఎక్కడుందో ఒకసారి కళ్లతో చూస్తాను. కట్ట కళ్లముందు కనిపిస్తుంటే ‘దాదాపు’ అనడం కష్టమవుతుంది. మూడోదానికి, అబద్ధం స్థానంలో నిలబడే నిజమైన వాక్యాన్ని ముందే తయారుచేసి పెట్టుకోండి. ‘ఇంకా మొదలుపెట్టలేదండీ, ఫలానా రోజుకు ఇస్తాను’ అన్నది నేను అద్దం ముందు నిలబడి పైకి అని చూసుకున్నాను. ఖాళీగా ఉన్న నోట్లోకి అలవాటైన మాటే వస్తుంది. దాని బదులు ఇంకో మాట సిద్ధంగా ఉంటేనే మార్పు.

ఎంత బిగించాలన్న ప్రశ్న కూడా వస్తుంది. సోణుడనే భిక్షువు పాదాలు రక్తం కారేదాకా నడుస్తూ సాధన చేసి విసిగిపోతే, బుద్ధుడు అతనికి వీణ తీగలు గుర్తుచేశాడు. సోణుడు అంతకుముందు వీణ వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదులు చేసినా పలకదు. మీ తీగ మరీ బిగిసిందని తెలిపే గుర్తు ఒకటి చెబుతాను. మీ మాటలు చల్లగా, ముక్కలు ముక్కలుగా మారతాయి. అబద్ధం రాకూడదని మాటనే తగ్గించేస్తారు. అడిగినవాళ్లకు ‘కాలేదు’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. అది నిజమే. కానీ వాక్కు బాగుపడినట్టు కాదు.

నిజం చెప్పేముందు సంకల్పాన్ని చూసుకోండి

ఈ మలుపులో చాలామంది ఒక గుంటలో పడతారు. అబద్ధం మానేసిన కొత్తలో నిజం చెప్పడంలో ఒక రుచి పుడుతుంది. ‘ఉన్నమాట అంటే ఉలుకెందుకు’ అన్న ధోరణి వస్తుంది. నాకూ వచ్చింది. ఒకావిడ మూడోసారి ఫోన్ చేసినప్పుడు, ‘మీరు కాగితాలు ఆలస్యంగా ఇచ్చారు, పైగా సగం రశీదులు లేవు, మీ పని అందుకే ఆఖర్న పెట్టాను’ అన్నాను. ప్రతి అక్షరం నిజం. ఫోన్ పెట్టాక మాత్రం అబద్ధం చెప్పినప్పుడు ఛాతీలో ఉండే బిగుతే ఉంది.

అక్కడ లోపించింది రెండో అంగం, సంకల్పం. సమ్యక్ సంకల్పం అంటే మూడు: వదులుకునే సంకల్పం, ద్వేషం లేని సంకల్పం, హింస లేని సంకల్పం. నా నిజంలో ద్వేషం ఉంది. మూడు అంగాలు వాక్కును పట్టుకున్నా, వాక్కు వెనక ఉన్న సంకల్పం వంకరగా ఉంటే మాట వంకరగానే పోతుంది.

అందువల్ల నిజం చెప్పేముందు ఒక్క క్షణం ఆగి చూసుకోండి. అభయ రాజకుమారుడితో జరిగిన సంభాషణలో బుద్ధుడు తాను పాటించే పద్ధతి చెబుతాడు. మాట నిజం కాకపోతే అనడు. నిజమే అయినా ఉపయోగం లేకపోతే అనడు. నిజమూ, ఉపయోగకరమూ అయి, విన్నవాళ్లకు నచ్చనిదైతే, చెప్పడానికి సమయం చూస్తాడు. నచ్చేదైనా సరే, సమయం చూసే చెబుతాడు. అప్పుడు అభయుడి ఒళ్లో పసివాడు ఉన్నాడు. ఈ బిడ్డ నోట్లో పుల్లో పెంకో పెట్టుకుంటే ఏం చేస్తావని అడిగాడు బుద్ధుడు. రక్తం వచ్చినా సరే వేలు పెట్టి తీసేస్తాను, వాడి మీద దయతోనే అన్నాడు అభయుడు. నొప్పి కలిగించే నిజం ఎలా చెప్పాలో ఆ వేలిలో ఉంది. మీ నిజం బిడ్డ గొంతులోంచి పెంకు తీసే వేలా, లేక ఊరికే గిల్లే వేలా అన్నది మీకు మాత్రమే తెలుస్తుంది. గిల్లేదని తెలిస్తే ఆ పూటకు ఊరుకోండి. తేదీ ఒక్కటే చెప్పి, రశీదుల సంగతి మర్నాడు మాట్లాడవచ్చు.

మాట వెనక ఉన్న పనిని, బతుకుతెరువును తవ్వండి

మూడు నాలుగు వారాలు గడిచాక మీకు ఒక విషయం తెలుస్తుంది. అబద్ధం నోట్లో పుట్టడం లేదు. అంతకుముందెప్పుడో పుట్టి నోటిదాకా వస్తోంది. నా ‘దాదాపు’ ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లి చూశాను. వారానికి నాలుగు కట్టల పని చేయగల నేను, ఎవరికీ కాదనలేక ఏడు ఒప్పుకుంటున్నాను. కొత్త పని ఒప్పుకున్న రోజునే మూడు అబద్ధాలు ఖాయమైపోతున్నాయి. ఫోన్ దగ్గర ఎంత స్మృతితో ఉన్నా ఆ లెక్క మారదు.

కర్మ, ఆజీవం అనే నాలుగో, అయిదో అంగాలు వాక్కుకు ఆసరా ఇచ్చేది ఇలాగే. గృహస్థులు చేయకూడని వ్యాపారాలని సుత్తాలు అయిదింటిని చెబుతాయి: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ఈ అయిదూ మనవి కావు కాబట్టి మన ఆజీవం సరిగ్గానే ఉందని అనుకుంటాం. మహాచత్తారీసక సుత్తంలో తప్పుడు ఆజీవానికి ఇంకో జాబితా ఉంది. అది భిక్షువులకు చెప్పినదే, అయినా చదివితే మనకు తగులుతుంది: వంచన, ముఖస్తుతి, సూచనగా అడగడం, ఇంకొకరిని చులకన చేయడం, లాభంతో లాభాన్ని వెతకడం. అందులో ఎక్కువ భాగం నోటితో చేసేవే. అంటే వాక్కునూ బతుకుతెరువునూ విడదీసి బాగుచేయలేం.

మీరు చేయవలసింది ఇది. మీ వాక్యం పుట్టే చోటు ఎక్కడో కనిపెట్టి, అక్కడ ఒక్క మార్పు చేయండి. నేను వారానికి నాలుగు కట్టలకు మించి తీసుకోకూడదని పెట్టుకున్నాను. నెల ఆదాయం తగ్గింది. ఇద్దరు వేరే వాళ్ల దగ్గరికి వెళ్లారు. వదులుకునే సంకల్పం అనే మాట అప్పటిదాకా నాకు సన్యాసులకు సంబంధించినదిగా అనిపించేది. ఆ నెల అది నా ఖర్చుల పుస్తకంలో కనిపించింది.

మార్చే అధికారం మీ చేతిలో లేని ఉద్యోగం కావచ్చు. పైవాళ్లే అబద్ధం చెప్పమంటుండవచ్చు. అలాంటప్పుడు మొదటి రోజే ఉద్యోగం మానేయమని నేను చెప్పను. ఇంట్లోవాళ్ల పోషణ కూడా ధర్మమే. అయితే ఆ అబద్ధాన్ని ‘పనిలో భాగం’ అని పేరు మార్చకండి. తప్పును తప్పుగా ఎరిగి ఉండటం అనే దృష్టి మిగిలితే, బయటపడే దారి వచ్చినప్పుడు మీకు కనిపిస్తుంది. పేరు మార్చేస్తే దారి వచ్చినా కనిపించదు.

కూర్చోండి, ఏం తేలుతుందో చూడండి

రోజుకొకసారి ఇరవై నిమిషాలు, ఫోన్ ఇంకో గదిలో పెట్టి, నడుము నిటారుగా ఉంచి, ఊపిరిని గమనిస్తూ కూర్చోండి. సుత్తాలు సమ్యక్ సమాధిని నాలుగు ధ్యానాలుగా వివరిస్తాయి. ఇరవై నిమిషాల కూర్చోవడం వాటికి చాలా దూరం. అయినా ఆ దిక్కుకు తిరిగి కూర్చోవడం మిగతా ఏడు అంగాలకూ అవసరం.

కూర్చున్న మొదటి అయిదు నిమిషాల్లో పైకి తేలేదేమిటో చూడండి. అబద్ధం చెప్పిన రోజు ఆ ఫోనే తేలుతుంది. ఆయన మళ్లీ చేస్తే ఏం చెప్పాలి, ఇంతకుముందు ఏమన్నానో గుర్తుందా, ఇలా సాగుతుంది. ధ్యానానికి అడ్డుపడే అయిదు నీవరణాల్లో ఒకటైన ఉద్ధచ్చ కుక్కుచ్చం, అంటే చెదురుపాటు, చేసినదాని గురించి కలత, ఇదే. గాలికి అలలు లేచిన నీళ్లలో ముఖం సరిగ్గా కనిపించనట్టు ఉంటుందని దీనికి పోలిక చెప్పారు. ఆ గాలి ఉదయం పదకొండు గంటలకు మీ నోట్లోంచి వచ్చినదే. రాత్రి కూర్చుని దాన్ని ఊపిరితో ఆపాలంటే ఆగదు.

బుద్ధుడి శిష్యుడు ఆనందుడు ఒకసారి శీలం వల్ల ప్రయోజనమేమిటని అడిగాడు. బుద్ధుడు ఒక గొలుసు చెప్పాడు. శీలం వల్ల పశ్చాత్తాపం లేకపోవడం, దానివల్ల సంతోషం, తర్వాత ప్రీతి, దేహానికి విశ్రాంతి, సుఖం, అక్కడినుంచి సమాధి, సమాధి వల్ల ఉన్నది ఉన్నట్టు చూడటం. శీలం ఉన్నవాడు ‘నాకు పశ్చాత్తాపం లేకుండుగాక’ అని కోరుకోనక్కర్లేదు, అది సహజంగా జరుగుతుంది అని ఇంకోచోట అంటాడు. మనం ఈ గొలుసును చివరి లంకె పట్టుకుని లాగాలని చూస్తుంటాం. మనసు నిలవడం లేదని ధ్యానం పద్ధతులు మారుస్తుంటాం. మీకు అలా ఉంటే, వారం రోజులు పద్ధతి మార్చకుండా ఆ ఒక్క వాక్యాన్ని సరిదిద్ది చూడండి. తిరిగి ఫోన్ చేసి నిజం చెప్పిన ఆ రోజు రాత్రి నేను కూర్చుంటే, తేలడానికి ఏమీ లేదు. గొప్ప అనుభవమేదీ కలగలేదు. వీధిలో చప్పుడు, ఊపిరి, అంతే.

మార్గం ఇక్కడ వెనక్కి కూడా తిరుగుతుంది. కాస్త నిలిచిన మనసుకు చిన్న కదలికలు కనిపిస్తాయి. కొన్ని వారాలకు, ఫోన్ మోగినప్పుడు అబద్ధం మాటగా మారకముందే ఒళ్లు చెబుతుందని గమనించాను. పొట్ట పైభాగంలో చిన్న పట్టు, భుజాలు కొంచెం పైకి. ఆ పట్టును గుర్తుపడితే వాక్యం ఇంకా నాలుగైదు సెకన్ల దూరంలో ఉంటుంది. రాహులుడి అద్దంలో ‘ముందు’ అనే చోటు దొరికేది ఆ సెకన్లలోనే. మహాచత్తారీసక సుత్తం సమ్యక్ సమాధిని నిర్వచించేది కూడా మిగతా ఏడు అంగాలూ పరికరాలుగా ఉన్న ఏకాగ్రతగానే. ఆ ఏడూ లేకుండా కుదిరిన ఏకాగ్రతకు ఆ పేరు లేదు.

ఎక్కడ తెగిందో ఎలా కనిపెట్టాలి

కూర్చోవడం బాగా కుదురుతూ, పగటి మాటల్లో మార్పేమీ లేకపోతే, స్మృతి ఆసనం మీదే ఉండిపోయింది. రోజులో ఒక గుర్తు పెట్టుకోండి. ఫోన్ ఎత్తే ముందు ఒక ఊపిరి చాలు.

అబద్ధం తగ్గినా మనుషులు మీకు దూరంగా జరుగుతుంటే సంకల్పం చూసుకోండి. పెంకు తీసే వేలు గిల్లే వేలు అయి ఉంటుంది.

తప్పు జరిగినప్పుడల్లా ‘నేనింతే, నా బుద్ధి మారదు’ అని గంటల తరబడి నలిగిపోతుంటే, దాన్ని దృష్టి అనుకోకండి. అదే కలత మళ్లీ వేషం మార్చుకుని వచ్చింది. తప్పును చూడటానికి ఒక నిమిషం చాలు, సరిదిద్దడానికి ఇంకో రెండు నిమిషాలు. ఆ తర్వాత కూడా ఆ తలపు వదలకపోతే, సన్న మేకు కొట్టి మొద్దు మేకును బయటికి నెట్టే వడ్రంగి పని చేయండి. చెడు తలపును ఇంకో మంచి తలపుతో తోసేయమని మజ్ఝిమ నికాయంలోని 20వ సుత్తం చెప్పే మొదటి ఉపాయం ఇది. ఆ రోజు మీరు చెప్పిన ఒక నిజాన్ని గుర్తుచేసుకోండి. చెప్పింది మంచిదని చూసుకున్నప్పుడు దానికి సంతోషపడమని రాహులుడికి కూడా బుద్ధుడు చెప్పాడు. మనం ఆ భాగాన్ని తరచుగా వదిలేస్తాం.

అన్నీ చేస్తున్నా అదే వాక్యం అదే చోట వస్తూనే ఉంటే, ఇంకా వెనక్కి తవ్వాలి. పని ఒప్పుకునే చోటో, డబ్బు దగ్గరో, ఎవరి మెప్పు కోసమో పెట్టిన ముడి ఒకటి అక్కడ ఉంటుంది.

నాకు ‘దాదాపు’ వదలడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. ఇప్పటికీ అలసిపోయిన రోజున నాలుక మీదికి వస్తుంది. ఈమధ్య ఆ పెద్దాయన ఫోన్ చేసి, పని ఎంతవరకు వచ్చిందమ్మా అని అడిగారు. కట్ట వైపు చూసి, మూడో వంతు అయిందండీ, సోమవారానికి ఇస్తాను అన్నాను. సరేనమ్మా అని, వాళ్ల మనవరాలి పరీక్షల గురించి చెప్పుకొచ్చారు. కాగితం మీద ఆ వాక్యాన్ని కొట్టేసి, దాని కింద రెండోది రాశాను. అది చాడీ. ఎదుట లేని మనిషి గురించి ‘మీతో కాబట్టి చెబుతున్నా’ అని మొదలయ్యేది. అది ఎవరికోసం అంటున్నానన్న మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నానింకా.